పదహారు చెరువుల ఫైళ్లు: హీప్ వాడాలా, రెండేసి కలపాలా?

పెన్నాగట్టు: ఇందుకూరుపేట దగ్గర మా రొయ్యల చెరువులు 16. ఒక్కో చెరువులోని ఆక్సిజన్ మీటరు ఒక్కో ఫైలు రాస్తుంది. ఒక్కోదానిలో సుమారు లక్ష వరుసలు, ప్రతి వరుసా సమయంతో మొదలవుతుంది, అన్నీ సమయం క్రమంలోనే ఉంటాయి. అన్నిటినీ ఒకే ఫైలుగా చేయాలి. మిన్ హీప్ వాడాలా, రెండేసి ఫైళ్లు కలుపుకుంటూ పోవాలా?

సుధీర్_కావలి: హీపే. ఇందులో చర్చకు ఏముంది? మొత్తం వరుసలు N, ఫైళ్లు k అనుకుంటే, రెండేసి కలిపితే O(Nk), హీప్‌తో O(N log k). మొదటి రెండూ కలిపితే 2 లక్షల వరుసలు రాస్తారు. మూడోది చేర్చాలంటే మళ్లీ మొదటి నుంచి 3 లక్షలు. పదహారోది చేరేసరికి మొత్తం 1 కోటి 35 లక్షల వరుసలు రాసి ఉంటారు. హీప్‌లో ఒక్కో ఫైలు నుంచి ఒక్క వరుసే ఉంటుంది. అన్నిటికన్నా చిన్నది తీసి రాసి, అదే ఫైలులోని తరువాతి వరుసను దాని చోట పెడతారు. రాసేది 16 లక్షలే.

```python
from heapq import merge
out.writelines(merge(*files))
```

మురళి_ఒంగోలు: ఈ మాటతోనే మూడేళ్ల కిందట ఒక ఇంటర్వ్యూలో నా నోరు మూయించారు. రెండేసి కలుపుతానన్నాను. తప్పన్నారు, పంపించేశారు. ఇప్పుడు నా పనిలో రోజూ 16 ఫైళ్లను ఒకదాని వెంట ఒకటి కలుపుతున్నాను. మీరు భయపెట్టినంత సమయం ఏ రోజూ పట్టలేదు.

చిన్ని: అన్నీ ఒకే జాబితాలో పోసి `sorted()` అంటే పోలేదా?

సుధీర్_కావలి: అది N log N. కథ మళ్లీ మొదటికొచ్చింది.

అన్నపూర్ణ_టంగుటూరు: చిన్ని గారిని అంత తేలిగ్గా తీసిపారేయకండి. పైథాన్ సార్ట్ ముందే క్రమంలో ఉన్న ముక్కలను గుర్తుపట్టి వాటినే కలుపుతుంది. 16 లక్షల వరుసలు మెమరీలో పడితే చక్కగా నడుస్తుంది.

అసలు పేచీ సుధీర్ గారి O(Nk) దగ్గర ఉంది. అది ఒకే ఫైలును పెంచుకుంటూ పోతే వచ్చే లెక్క. జంటలు కట్టి చూడండి: 16 ఫైళ్లు 8 అవుతాయి, 8 నాలుగవుతాయి, తరువాత రెండు, చివరికి ఒకటి. నాలుగు విడతలు, విడతకు 16 లక్షలు, మొత్తం 64 లక్షలు. ఇదీ O(N log k)యే.

సుధీర్_కావలి: 64 కన్నా 16 తక్కువ. నా మాటే నిలిచింది.

అన్నపూర్ణ_టంగుటూరు: రాతల్లో నిలిచింది, పోలికల్లో కాదు. హీప్ పైన పెట్టిన కొత్త వరుస కిందికి దిగుతుంటే మెట్టుకు రెండు పోలికలు: కింది రెండింటిలో ఏది చిన్నది, దానికన్నా ఇది చిన్నదా అని. నాలుగు మెట్లంటే వరుసకు ఎనిమిది దాకా అవుతాయి. జంటల్లో విడతకు ఒక్కటి, అంటే నాలుగుకు మించవు. అన్నీ మెమరీలో ఉంటే జంటలు గెలవవచ్చు. డిస్కు మీదైతే ప్రతి విడతా మొత్తం చదివి మళ్లీ రాయాలి కాబట్టి నేనూ హీపే వాడతాను.

మురళి_ఒంగోలు: అంటే నన్ను పంపించినవాళ్లదే తప్పు!

సుధీర్_కావలి: మీరు చెప్పింది ఒకదాని వెంట ఒకటి. జంటలు కాదు. పంపించడం సబబే.

మురళి_ఒంగోలు: కావలిలో కూర్చుని నా ఇంటర్వ్యూ విన్నారా? నేను రెండేసి అన్నాను. ఎలా జత కడతావని వాళ్లు అడగనే లేదు. మీరూ అడగలేదు!

అన్నపూర్ణ_టంగుటూరు: నేను అడుగుతున్నాను. మీ ఫైళ్లు ఎంతెంత?

మురళి_ఒంగోలు: ఒకటి 10 లక్షల వరుసలు. మిగతా 15 తలా 10 వేలు. చిన్నవన్నీ ముందు, పెద్దది చివర.

అన్నపూర్ణ_టంగుటూరు: అదీ సంగతి. చిన్నవి పదిహేనూ కలపడానికి 11.9 లక్షల రాతలు, చివర పెద్దదానితో 11.5 లక్షలు, మొత్తం 23.4 లక్షలు. గుడ్డిగా జంటలు కట్టి ఉంటే నాలుగు విడతలకు 46 లక్షలు అయ్యేవి. పెద్దదానితో మొదలుపెట్టి ఉంటే 1 కోటి 62 లక్షలు. ఫైళ్లు అసమానంగా ఉన్నప్పుడు ప్రతిసారీ ఉన్నవాటిలో అతి చిన్న రెండింటినీ కలపాలి.

సుధీర్_కావలి: హీప్‌కు అక్కడా 11.5 లక్షలే. ఫైళ్ల సైజులు చూసుకునే బాధ లేదు.

మురళి_ఒంగోలు: నాకు ఆ బాధ ఎప్పుడూ లేదు.

పెన్నాగట్టు: సుధీర్ గారి రెండు వరుసలూ నడిపాను. త్వరగానే అయింది. కానీ ఫలితంలో మధ్యలో సమయం వెనక్కి వెళ్లింది. హీప్ తప్పు చేస్తుందా?

అన్నపూర్ణ_టంగుటూరు: హీప్ ఒక్కో ఫైలు క్రమంలో ఉందని నమ్ముతుంది, సరిచూడదు. ఒక్కో ఫైలు మీదా `LC_ALL=C sort -c` నడపండి. క్రమం తప్పిన మొదటి వరుస చూపిస్తుంది.

పెన్నాగట్టు: ఏడో చెరువు ఫైలు. కరెంటు పోయి వచ్చాక మీటరు గడియారం వెనక్కి పోయింది.

చిన్ని: నేను చెప్పిన `sorted()` అయితే ఈ గొడవే ఉండేది కాదు.

అన్నపూర్ణ_టంగుటూరు: ఉండేది, కనబడేది కాదు. తప్పు సమయాలన్నీ బుద్ధిగా వరుసలో నిలబడి ఉండేవి.