నిలువెత్తు ఫోటో చూసి గులాబీని ఎంత కత్తిరించాలో చెప్పవచ్చా?

చిగురు: మా గులాబీ ఆరడుగులు పెరిగింది, పువ్వులన్నీ పైనే పూస్తున్నాయి, కింద అంతా బోసిపోయింది. మొక్క మొత్తం కనిపించే ఫోటో పెట్టాను. ఎంత కత్తిరించాలి?

కత్తెర: సగానికి, అంటే మూడడుగులకు కోయండి. ఫోటోలో అంతా స్పష్టంగానే ఉంది.

నారుమడి: ఈ ఫోటోను దగ్గరగా నిలబడి, కిందికి వంచి తీశారు కాబట్టి మొదలు చిన్నదిగా, పై గుబురు పెద్దదిగా కనిపిస్తోంది. మొదట్లో నాకు మూడు కొమ్మలు లెక్కకు వస్తున్నాయి. ఒకటి బూడిద రంగుకు తిరిగి, బెరడు పగిలి ఉంది. మిగతా రెండూ పచ్చగా ఉన్నాయి. ముదురు కొమ్మను మొదలంటా తీసి, మిగతా రెంటినీ మూడోవంతు తగ్గిస్తే చాలునని నా అంచనా. అయితే ఆకుల చాటున ఇంకేమున్నాయో తెలియదు.

సంపెంగ: ఆకుల మీద నల్ల మచ్చలు కనిపిస్తున్నాయి. ఏ మందు కొట్టాలి?

కత్తెర: మూడోవంతే ఎందుకండీ? నేను ఏటా సగానికి కోస్తాను, ఒక్క మొక్కా చావలేదు.

తీగమల్లె: రెండేళ్ళ క్రితం ఇలాగే ఫోటో చూసి ఒకరు సగానికి కోయమంటే, పూతకు ముందే కోశాను. అది ఏడాదికి ఒక్కసారి, పాత కొమ్మల మీద పూసే తీగ గులాబీ. ఆ ఏడు ఒక్క పువ్వూ చూడలేదు. ఆ సంగతి ఫోటోలో ఎక్కడ కనిపిస్తుంది?

కత్తెర: రకం చెప్పకపోవడం మీ తప్పు. దానికి నన్నెందుకు దోషిని చేస్తారు?

నారుమడి: కత్తెర గారూ, మన తగాదా సగమా, మూడోవంతా అన్నది కాదు. ఎత్తు తగ్గించడమే కత్తిరింపని మీరంటున్నారు, ముదురు కొమ్మను వదిలించుకోవడమని నేనంటున్నాను. ఎత్తు మాత్రమే తగ్గిస్తే చిగుళ్ళు ఎక్కువగా కోసిన చోటికి కాస్త కిందే వస్తాయి, మొదలు మళ్ళీ బోసిగానే ఉంటుంది. చిగురు గారూ, కొమ్మల బెరడును గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగు ఎక్కడి దాకా ఉందో చెప్పండి.

చిగురు: ముదురు కొమ్మ మొదట్లో జానెడు మాత్రమే పచ్చగా ఉంది. వెనుక నాలుగో కొమ్మ కూడా దొరికింది. అది అంటు కట్టిన చోటికి కింద, మట్టిలోంచి వచ్చింది. దాని ఆకులు చిన్నవి, లేత రంగువి.

నారుమడి: అది అంటు కింది వేరు మొక్కది. మట్టి తవ్వి, పుట్టిన చోటనే తీసేయండి. అప్పుడు మంచి కొమ్మలు రెండే మిగులుతాయి కనుక నా మొదటి మాట మార్చుకుంటున్నాను: ముదురు దానిని మొదలంటా తీయకుండా, పచ్చదనం ఉన్న ఆ జానెడూ ఈ ఏటికి ఉంచండి. అది చిగురు వేస్తుందో లేదో చూశాకే మిగతాది.

కత్తెర: ఆ జానెడు సంగతి ఒప్పుకుంటాను. ఆ పచ్చి కొమ్మలు రెంటినీ మాత్రం సగానికే కోయాలి.

తీగమల్లె: ముందు అది ఏ రకమో అడగండి.