"శుక్రవారం సాయంత్రంలోగా" అంటే ఎవరి సాయంత్రం?

అక్షరవాహిని: ఆక్లండ్‌లోని ఒక సంస్థ 2025 సెప్టెంబర్ 22న నాకొక అనువాదం అప్పగిస్తూ "03/10 శుక్రవారం, పనివేళలు ముగిసేలోగా పంపండి" అని రాసింది. వారి పనివేళలు సాయంత్రం ఐదింటికి ముగుస్తాయి. ఆ రోజే గడియారాలు పోల్చి చూస్తే భారత కాలమానం కంటే వారు ఆరున్నర గంటలు ముందున్నారు. మనకు ఉదయం 10:30 వరకు సమయం ఉందనుకొని శుక్రవారం 10:10కి పంపాను. నలభై నిమిషాలు ఆలస్యమైందని పారితోషికంలో పదో వంతు తగ్గించారు. తప్పు ఎవరిది?

తూర్పుగాలి: తప్పు మీదేనండీ. గడువు పెట్టినవారి గడియారమే గడువుకు ప్రమాణం. ఇతర దేశాల వారికి పని అప్పగించే బాధ్యత నాది. నేను శుక్రవారం అంటే అది నా శుక్రవారమే. దాన్ని తన కాలమానంలోకి మార్చుకోవడం పని తీసుకున్నవారి బాధ్యత.

రేచుక్క: ఆమె మార్చుకున్నారు, లెక్క కూడా సరిగ్గానే చేశారు. అయితే అది సెప్టెంబర్ 22కు సరిపోయే లెక్క. న్యూజిలాండ్‌లో ఏటా సెప్టెంబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. 2025లో అది 28వ తేదీన వచ్చింది. అప్పటినుంచి తేడా ఏడున్నర గంటలైంది కనుక, అక్టోబర్ 3న వారికి సాయంత్రం ఐదు అయ్యేసరికి మనకు ఉదయం 9:30. ఆమె పంపిన 10:10 అక్కడ 5:40. ఉత్తరం అందిన రోజుకు కాక, గడువు రోజుకు తేడా ఎంతో చూసుకోవలసింది. ఇది ఆమె వైపు లోపమే. కానీ తమ గడియారం ఆరు రోజుల్లో మారబోతోందని తెలిసిన సంస్థ కూడా ఆ మాట రాయలేదు కదా?

చిన్నమాట: ఫోన్‌లో రెండు ఊళ్ల గడియారాలు పక్కపక్కన పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

రేచుక్క: ఆమె చూసింది అలాంటి గడియారాలనే. అవి ఇవాళ్టి తేడాను చూపిస్తాయి, రాబోయే శుక్రవారం తేడాను చూపించవు.

నిలువుగీత: అందరూ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో రాస్తే ఈ గొడవే ఉండదు. "అక్టోబర్ 3, 04:00 యూటీసీ" అంటే ప్రపంచమంతటా ఒకే క్షణం. స్థానిక సమయాలు రాయడం మానెయ్యాలి.

రేచుక్క: ఒక్కసారి వచ్చే గడువుకు మీ మాట సరిపోతుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి పంపాలన్న ఒప్పందమైతే సరిపోదు. ఆక్లండ్‌లో ఐదు గంటలంటే ఏడాదిలో కొన్ని నెలలు 04:00 యూటీసీ, మిగతా నెలలు 05:00 యూటీసీ. అక్కడ మనిషి కూర్చునేది స్థానిక సమయం ప్రకారమే కాబట్టి, మీరు యూటీసీని స్థిరంగా పెడితే వారి సాయంత్రం జరిగిపోతుంది. పైగా కాలమాన నియమాలను ప్రభుత్వాలు మారుస్తుంటాయి. సమోవా 2011 చివరలో అంతర్జాతీయ దినరేఖకు ఇటువైపు మారినప్పుడు డిసెంబర్ 30 అనే తేదీనే వదిలేసింది. అది శుక్రవారం. ఆ రోజుకు అక్కడ ఎవరైనా గడువు పెట్టుకొని ఉంటే, ఆ రోజు రాలేదు. అందుకే సమయంతో పాటు ఊరి పేరు కూడా ఉండాలంటున్నాను.

మబ్బుతెర: మీరంతా గంటల గురించి మాట్లాడుతున్నారు, నాకైతే "03/10" అన్నదే అసలు ప్రమాదంగా కనిపిస్తోంది. ఒక ఉపకారవేతనానికి దరఖాస్తు గడువు 04/09/2025 అని ఉంటే సెప్టెంబర్ 4 అనుకొని నింపాదిగా పత్రాలు సమకూర్చుకున్నాను. అది ఏప్రిల్ 9. అమెరికా పద్ధతిలో నెల ముందు వస్తుందని తెలిసేసరికి గడువు దాటి చాలా రోజులైంది. అక్షరవాహిని గారికి కనీసం వారం పేరైనా ఇచ్చారు. నాకు "బుధవారం" అన్న ఒక్క మాట రాసి ఉంటే, సెప్టెంబర్ 4 గురువారం కాబట్టి వెంటనే అనుమానం వచ్చేది.

రేచుక్క: వారం పేరు చాలాసార్లు కాపాడుతుంది, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. మే 9, సెప్టెంబర్ 5 ఏ సంవత్సరంలోనైనా ఒకే వారం వస్తాయి, ఎందుకంటే వాటి మధ్య సరిగ్గా 119 రోజులు, అంటే పదిహేడు వారాలు. జులై 11, నవంబర్ 7 సంగతీ అంతే. "05/09 శుక్రవారం" అని రాస్తే 2025లో రెండు అర్థాలూ చెల్లుతాయి. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఆ సందేహం ఉండదు.

తూర్పుగాలి: చర్చ పక్కదారి పడుతోంది. ఆలస్యం జరిగింది, దానికి మీరంతా కారణాలు వెతుకుతున్నారు. నలభై నిమిషాలేగా అనుకోవడం ఎదుటివారి సమయాన్ని లెక్కచేయకపోవడమే.

రేచుక్క: ఒక్క మాట సూటిగా చెప్పండి. మీరు పంపే పత్రాల్లో ఏ ఊరి కాలమానమో ఎప్పుడైనా రాశారా?

తూర్పుగాలి: రాయలేదు. రాయనందువల్ల నష్టపోయింది కూడా నేనే. ఒకరు తమ శుక్రవారం అర్ధరాత్రికి పంపారు. నాకప్పటికే శనివారం మధ్యాహ్నం. సరిచూడవలసినవారు వెళ్లిపోయారు, ముద్రణకు కేటాయించిన సమయం చేజారింది. ఆ నష్టం నేనే భరించాను. ఆ తర్వాతే కోత నిబంధన పెట్టాను. కోపంతో పెట్టింది కాదు, వేరే దారి కనిపించక పెట్టింది.

అక్షరవాహిని: మీ కష్టం అర్థమైంది, కానీ నా వైపు నుంచి కూడా చూడండి. ఏ ఊరి ఐదు గంటలని అడగడం నాకు తెలియక కాదు. ఇంతకుముందు మరొకచోట అడిగితే, ఈ మాత్రం తెలియదా అన్నట్టు జవాబిచ్చి, తర్వాతి పని ఇంకొకరికి ఇచ్చారు. అడిగితే అనుభవం లేనట్టు, అడగకపోతే అజాగ్రత్త అన్నట్టు. గడువు రాసేవారు రెండు పదాలు ఎక్కువ రాసినందువల్ల వారికి పోయేదేమీ లేదు. రాయకపోతే పోయేది నా పారితోషికం.

నిలువుగీత: అలాగైతే పరిశోధనా సదస్సుల్లో వాడే "ఎనీవేర్ ఆన్ ఎర్త్" పద్ధతి పెట్టుకోవచ్చు. భూమ్మీద ఎక్కడో ఒకచోట శుక్రవారం మిగిలి ఉన్నంతవరకు గడువు ఉన్నట్టే. అది యూటీసీ కంటే పన్నెండు గంటలు వెనుక కాబట్టి మనకు శనివారం సాయంత్రం 5:29 వరకు సమయం దొరుకుతుంది.

తూర్పుగాలి: ఆ క్షణానికి ఆక్లండ్‌లో ఆదివారం తెల్లవారుజామున 12:59 అవుతుంది. సదస్సు పత్రాల కోసం ఎవరూ బల్ల దగ్గర ఎదురుచూడరు కనుక అక్కడ చెల్లుతుంది. శుక్రవారం సాయంత్రం ఒక మనిషి తెరిచి చదవవలసిన పనికి అది గడువే కాదు.

రేచుక్క: ఈ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అలాంటి పనికి గడువు ఇలా రాయాలి:

```
2025-10-03T17:00:00+13:00[Pacific/Auckland]
```

సంవత్సరం, నెల, రోజు ఈ క్రమంలో ఉంటే ఏది ముందన్న తికమక రాదు. యూటీసీకి ఎంత తేడాయో, ఏ ఊరో రెండూ ఉన్నాయి కనుక ఒకదానికొకటి సాక్ష్యంగా నిలుస్తాయి. +12:00 అని పొరపాటున రాసినా ఊరి పేరు చూసి పట్టుకోవచ్చు.

తూర్పుగాలి: ఇకమీదట ఊరి పేరు రాస్తాను. అయినా ఈ కోత అన్యాయమని మాత్రం నేను ఒప్పుకోను, సంస్థ తన ఊరినీ పనివేళలనూ దాచలేదు.

అక్షరవాహిని: నేను కూడా ఒకటి మార్చుకుంటాను. ప్రశ్నగా అడగకుండా, పనికి ఒప్పుకునే ఉత్తరంలోనే "మీ అక్టోబర్ 3 శుక్రవారం సాయంత్రం ఐదు, అంటే మాకు ఉదయం 9:30లోగా పంపుతాను" అని రాస్తాను. నా లెక్క తప్పితే వారికి అక్కడే కనిపిస్తుంది. కానీ తప్పు లెక్క రాసినా వారు చూసి ఊరుకుంటే, తర్వాత కోత పెట్టే హక్కు వారికి ఉంటుందా?

తూర్పుగాలి: ఉంటుంది. మౌనం అంగీకారం కాదు.

రేచుక్క: రాతలో చూపించాక కూడా సరిదిద్దకపోతే ఉండదు. ఈ ఒక్క విషయంలో మీ మాటకు నేను ఒప్పుకోలేను.