ఉచిత దంత శిబిరం పోస్టులో ఏది ఉచితం కాదో కూడా రాయాలా?

ముందుగది

ఒక దంత వైద్యశాలలో ఫోన్లు, రోగుల పేర్ల నమోదు నేను చూస్తాను. 12, 19 తేదీల్లో, రెండు ఆదివారాలు, ఉదయం 9 నుంచి 1 వరకు ఉచిత పరీక్షా శిబిరం పెడుతున్నాం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పెట్టిన ఈ పోస్టు తిరస్కరణకు గురైంది:

"శుభవార్త! మీ చిరునవ్వే మా సంతోషం! మా వైద్యశాలలో మెగా ఉచిత దంత శిబిరం! పూర్తి పరీక్ష ఉచితం. సీట్లు పరిమితం. వెంటనే ఫోను చేయండి." దాని కింద మా నంబరు.

మళ్లీ రాస్తున్నాం. ఎక్స్‌రేకు, క్లీనింగ్‌కు డబ్బు తీసుకుంటామని రాస్తే జనం రారని డాక్టరు గారు అంటున్నారు. రాయకపోతే బల్ల దగ్గర మాటలు పడేది నేను. మీరేమంటారు?

పటంలో చుక్క

తిరస్కరణకు కారణం చాలావరకు ఆ నంబరే అయి ఉంటుంది. పోస్టు పాఠంలో ఫోను నంబరు పెట్టకూడదని గూగుల్ నియమాల్లోనే ఉంది. నంబరు తీసేసి `Call now` బటన్ పెట్టండి. అది ప్రొఫైల్‌లో ఉన్న మీ నంబరుకే వెళ్తుంది.

ఇక అసలు విషయానికి వస్తే, రాయాలి. అయితే ఎక్కడ రాస్తారన్నది ముఖ్యం. పోస్టుకు 1500 అక్షరాల చోటు ఉన్నా, తెరవకముందు కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. మీరు ఆ చోటంతా శుభవార్తకు, చిరునవ్వుకు ఇచ్చేశారు. శిబిరం ఎప్పుడో, ఏమి చూస్తారో అక్కడ లేదు. ఉచితమైనది, తేదీ, సమయం పై వరుసల్లో ఉండాలి. ఉచితం కానిది వెంటనే దాని కింద, మామూలు మాటల్లో ఉండాలి. పంటి నొప్పితో వెతుకుతున్న మనిషి పోస్టు తెరిచాడంటే వివరం కోసమే తెరుస్తాడు. ఆ వివరం దాచితే మిగిలేది అనుమానమే.

పోస్టు రకం `Event` పెట్టుకోండి. ఒక మెలిక మాత్రం ఉంది. దానికి ఒక మొదలు తేదీ, ఒక ముగింపు తేదీ మాత్రమే ఇవ్వగలం. 12 నుంచి 19 అని ఇస్తే శిబిరం వారమంతా ఉందని చదువుకుంటారు, బుధవారం వచ్చి తలుపు తడతారు. రెండు ఆదివారాలకు రెండు వేర్వేరు పోస్టులు పెట్టండి.

అంగడి మిత్రుడు

నేను ఒప్పుకోను. `Offer` రకం ఎందుకు వదిలేస్తారు? అందులో షరతులు రాయడానికి విడిగా ఒక గడి ఉంటుంది. ఎక్స్‌రే డబ్బుల సంగతి అందులో పడేస్తే పై పాఠం శుభ్రంగా ఉంటుంది. పైగా పాఠంలో "ఉత్తమ దంత వైద్యశాల", "పంటి డాక్టరు", "రూట్ కెనాల్" లాంటి మాటలు నాలుగైదు సార్లు వస్తే వెతుకులాటలో పైకి వస్తారు. శిబిరానికి వచ్చినవారికి ఒక్కొక్క బ్రష్ ఇచ్చి ఐదు చుక్కల సమీక్ష రాయించుకోండి. ఏడాది పాటు పనికొస్తుంది.

పటంలో చుక్క

షరతుల గడి ఉన్న మాట నిజమే. కూపన్ కోడ్‌తో రాయితీ ఇచ్చే దుకాణానికి అది సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ తేదీ, సమయం ఉన్న కార్యక్రమం జరుగుతోంది. పైగా షరతుల గడిలో డబ్బు మాట పడేయడమంటే చదవరని నమ్మి రాయడమే.

మాటలు నాలుగైదు సార్లు రాస్తే పైకి వస్తారన్నది నమ్మదగిన మాట కాదు. స్థానిక ఫలితాల వరుసకు గూగుల్ చెప్పే ఆధారాలు ముఖ్యంగా మూడు: వెతికిన మాటతో సంబంధం, దూరం, ఆ చోటుకున్న ప్రాముఖ్యం. పోస్టులో ఒకే మాటను పదేపదే రుద్దడం వల్ల చదివేవారికి విసుగు తప్ప ఒరిగేదేమీ లేదు.

బ్రష్ ఇచ్చి సమీక్ష రాయించుకోవడం మాత్రం దయచేసి చేయకండి. ఉచిత వస్తువుకో, సేవకో బదులుగా సమీక్ష అడగడాన్ని గూగుల్ నిషేధించింది. బ్రష్ ఇవ్వాలనిపిస్తే అందరికీ ఇవ్వండి, సమీక్ష ఊసెత్తకండి.

దంతవైద్యురాలు

నాకు అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నది "పూర్తి పరీక్ష" అన్న మాట. శిబిరంలో మేము చేసేది ఏమిటి? అద్దం, ప్రోబు, మంచి వెలుతురుతో పళ్లు, చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపలి భాగం చూస్తాం. పిప్పి పట్టిన గుంట, రక్తం కారే చిగురు, కదిలే పన్ను, మానని పుండు, తెల్లటి మచ్చ ఇలా దొరుకుతాయి. కానీ రెండు పళ్లు ఒకదానికొకటి ఆనుకునే చోట మొదలైన పిప్పి పైనుంచి చూస్తే తరచూ కనిపించదు. దానికి ఎక్స్‌రే కావాలి. వేరు కొన దగ్గర చీము, ఎముక ఎంత తగ్గిందన్నది కూడా అంతే. ఎక్స్‌రే లేని పరీక్షను "పూర్తి" అంటే, ఇంటికి వెళ్లిన మనిషి తనకేమీ లేదని నిశ్చింతగా ఉంటాడు. ఆరు నెలల తర్వాత అదే పన్ను రాత్రిపూట నిద్ర పోనివ్వకుండా నొప్పి పెడుతుంది. ఇది వైద్యశాలకు చెడ్డపేరు తెస్తుందన్న భయంతో చెప్పడం లేదు, రోగికి నష్టమని చెబుతున్నాను. "నోరు, పళ్లు, చిగుళ్లు చూసి చెబుతాం" అని రాస్తే చాలు, చేసేది అంతే.

"సీట్లు పరిమితం" కూడా తీసేయండి. ఎందరికి పరిమితమో లెక్క వేసి అంకె రాయండి. చూసి, కాగితం మీద రాసి, రోగికి చెప్పడానికి కనీసం పది నిమిషాలు పడుతుంది. ఒక డాక్టరు గంటకు ఆరుగురి కంటే ఎక్కువ మందిని చూడలేరు, నాలుగు గంటలకు 24 మంది. అంతకంటే ముందు పరికరాల సంగతి చూసుకోవాలి. ఒక్కొక్కరికి శుభ్రపరిచి మూట కట్టిన అద్దం, ప్రోబు విడిగా ఉండాలి. మీ దగ్గర అలాంటి సెట్లు ఎన్ని ఉన్నాయో, మధ్యలో ఆటోక్లేవ్ ఎన్నిసార్లు తిప్పగలరో దాన్ని బట్టే అంకె వస్తుంది. అది చూడకుండా జనాన్ని పిలిస్తే ఒంటిగంటకు వరుసలో నిలబడ్డవారికి సమాధానం చెప్పలేరు.

గోరింట

నేను రోగి పక్షాన మాట్లాడతాను. ఒక ఉచిత శిబిరానికి మా నాన్నగారిని తీసుకెళ్లాను. పేరు చెప్పను. కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరిపించాక "ఎక్స్‌రే తీస్తే గాని ఏమీ చెప్పలేం" అన్నారు. ఆ స్థితిలో వద్దని ఎలా అంటాం? తీయించుకున్నాం, బయటకు వచ్చాక బిల్లు చేతిలో పెట్టారు. ఆ ఎక్స్‌రే అవసరమే కావచ్చు, నాకు దాని మీద తగాదా లేదు. ముందు చెప్పలేదన్నదే నా బాధ. ఆ తర్వాత ఉచితం అన్న మాట ఎక్కడ కనిపించినా ఆయన రానంటున్నారు. అందుకే మీ డాక్టరు గారికి చెప్పండి, రాస్తే రాని వారి కంటే రాయకపోతే మళ్లీ ఎన్నడూ రాని వారే ఎక్కువ నష్టం.

ఇద్దరు పిల్లల తల్లి

మా బాబుకు ఆరేళ్లు. కింది పాలపన్నులో నల్లటి గుంట ఉంది. ఎలాగూ ఊడిపోయేదే కదా అని వదిలేశాం. ఇలాంటి శిబిరానికి తీసుకెళ్లవచ్చా? అక్కడే పన్ను పీకేస్తారా?

దంతవైద్యురాలు

తప్పకుండా తీసుకెళ్లండి. వెనక పాలదంతాలైతే సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వరకు ఉండాల్సినవి, వదిలేయకూడదు. శిబిరంలో చూసి చెబుతారు. పీకాలా, నింపాలా అన్నది ఆ తర్వాత మీతో మాట్లాడి నిర్ణయించాల్సింది.

ముందుగది గారూ, ఈ ప్రశ్న మీ పోస్టుకు పనికొస్తుంది. పిల్లలను చూస్తారా, వెంట ఎవరు రావాలి, ఆ రోజే చికిత్స ఉంటుందా అన్నది పోస్టులో లేదు. ఈ తల్లికి వచ్చిన భయం ఇంకా చాలామందికి ఉంటుంది.

ముందుగది

అందరికీ కృతజ్ఞతలు. మాకు ఇద్దరు డాక్టర్లు, శుభ్రపరిచిన సెట్లు 40 ఉన్నాయి. ఇలా రాశాను, చూడండి. శీర్షిక: "ఉచిత దంత పరీక్ష, 12వ తేదీ ఆదివారం".

"ఉదయం 9 నుంచి 1 వరకు డాక్టరు మీ నోరు, పళ్లు, చిగుళ్లు చూసి పరిస్థితి చెబుతారు. దీనికి రుసుము లేదు. ముందుగా పేరు నమోదు చేసుకున్న 40 మందిని చూస్తాం.

ఎక్స్‌రే, క్లీనింగ్, చికిత్స ఇందులో లేవు. ఎక్స్‌రే అవసరమైతే ఎందుకో, ఎంతవుతుందో ముందే చెబుతాం. మీరు సరేనంటేనే తీస్తాం. ఆ రోజే చికిత్స చేయించుకోవాల్సిన పని లేదు.

పిల్లలతో తల్లిదండ్రుల్లో ఒకరు రావాలి. వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోండి."

దంతవైద్యురాలు

బాగుంది. చివర ఒక్క వాక్యం కలపండి: "ముఖం వాచినా, పంటి నొప్పితో జ్వరం వచ్చినా శిబిరం కోసం ఆగకండి, వెంటనే డాక్టరును కలవండి." పోస్టు ముందుగా పెడతారు కాబట్టి, డబ్బు మిగులుతుందని వాపుతో నాలుగు రోజులు ఓర్చుకునేవారు ఉంటారు. దవడ కింద వాపు గొంతు వైపు దిగితే ఊపిరికే ప్రమాదం.

గోరింట

"ముందే చెబుతాం" అంటే మళ్లీ కుర్చీలోనే కదా? ఎక్స్‌రే ధర పోస్టులోనే రాయండి. ఇంటి దగ్గర ఆలోచించుకుని వస్తాం.

దంతవైద్యురాలు

నాకు అది సరిగా అనిపించడం లేదు. ఒక పంటికి తీసే చిన్న ఎక్స్‌రే వేరు, దవడ మొత్తానికి తీసేది వేరు. చాలామందికి ఏదీ అవసరం పడకపోవచ్చు. ధర రాస్తే అందరికీ తీస్తారన్న అర్థం వస్తుంది. పైగా వైద్యులు తమ ధరలను ప్రకటించుకోవడం మీద వృత్తి మండళ్ల నియమాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. మీ దగ్గర ఏముందో చూసుకోకుండా అంకె పెట్టవద్దు.

గోరింట

నియమం అడ్డొస్తే పోస్టులో వద్దు. బల్ల మీద ధరల కాగితం పెట్టి, పేరు రాసేటప్పుడే చూపించండి. కుర్చీ ఎక్కాక చెప్పడానికి మాత్రం నేను ఒప్పుకోను.

అంగడి మిత్రుడు

సమీక్షల నియమం నాకు తెలియదు, అది వదిలేస్తున్నాను. కానీ ఉచితం కానివి ఇన్ని చెబితే 40 మంది నిండరనే ఇప్పటికీ అనుకుంటున్నాను. పోస్టుకు బొమ్మగా అన్ని వివరాలతో రంగుల పోస్టరైనా పెట్టండి.

పటంలో చుక్క

పోస్టరు వద్దు. జాబితాలో బొమ్మ అంచులు కోసుకుపోతాయి, సగం అక్షరాలు కనిపించవు. కుర్చీతో సహా మీ గది ఫోటో ఒకటి పగటి వెలుతురులో తీసి పెట్టండి. నిండుతుందా లేదా అన్నది 12వ తేదీన తెలుస్తుంది. నిండకపోతే 19వ తేదీ పోస్టులో మొదటి వరుస మార్చి చూడండి, రుసుముల పేరా మాత్రం కదపకండి.

ఒకటి అడగడం మరిచాను. మామూలుగా ఆదివారం మీకు సెలవా?

ముందుగది

అవును, ప్రొఫైల్‌లో ఆదివారం మూసి ఉంటుందనే ఉంది.

పటంలో చుక్క

అయితే పోస్టు కంటే ముందు ఆ పని చూడండి. సమయాల పేజీలో `Special hours` తెరిచి ఆ రెండు తేదీలకు 9 నుంచి 1 అని పెట్టండి. లేకపోతే ఆదివారం ఉదయం బయలుదేరి దారి చూసుకునే మనిషికి మీ పేరు పక్కన ఎర్ర అక్షరాల్లో మూసి ఉందని కనిపిస్తుంది. కింద పోస్టులో ఏమి రాసినా అతను సగం దారిలో వెనక్కి తిరుగుతాడు.

ముందుగది

ఇప్పుడే మార్చాను. డాక్టరు గారు పాఠానికి ఒప్పుకున్నారు, ధరల కాగితం సంగతి ఇంకా ఆలోచిస్తున్నారు.