స్క్రిప్ట్ ముందా, షాట్లు ముందా? సిరోంచ వరద స్టోరీపై చర్చ

ప్రాణహిత ఒడ్డు: ప్రాణహిత పొంగి మహారాష్ట్రలోని మా సిరోంచ దగ్గర పత్తి చేలు మునిగాయి. టీవీకి ఒకటిన్నర నిమిషం వార్తా ప్యాకేజీ పంపాలి. స్క్రిప్ట్ రాసి దానికి విజువల్స్ వేయాలా, విజువల్స్ చూసి రాయాలా? ముందు యాంకర్ చదివే లీడ్ కూడా నన్నే రాయమన్నారు.

కట్ పాయింట్: ముందు స్క్రిప్టే. వాయిస్ రికార్డయ్యాక దాని మీద షాట్లు పరుచుకుంటూ పోతాం. తక్కువైతే మేడిగడ్డ బ్యారేజీ ఫైల్ విజువల్స్ బోలెడున్నాయి, వేసెయ్.

పాత డెస్క్: కథ వరస ముందే అనుకోవాలి, నిజమే. వాక్యాలు మాత్రం రషెస్, అంటే ఇంకా కత్తిరించని షాట్లు, చూశాకే. ఆ ఫైల్ షాట్ జోలికి పోకు. 2023 అక్టోబరులో పియర్లు కుంగాక ఆ బ్యారేజీ నీళ్లు ఖాళీ చేశారు. నిండుగా ఉన్న పాత బొమ్మ మీద 'పంట మునిగింది' అని చదివితే, మనం నోరు తెరిచి అనకపోయినా కారణం అదేనని చెప్పినట్టే. మూలన 'ఫైల్' అని వేసినా ఎవరూ చదవరు. రైతు అలా అంటే ఆయన సొంత గొంతుతో బైట్‌లోనే రానీ, పక్కనే అధికారి జవాబు ఉండాలి. నీ దగ్గర ఏమున్నాయి తమ్ముడూ?

ప్రాణహిత ఒడ్డు: చేను వైడ్ షాట్, నీళ్లలో నడిచే రైతు, కుళ్లిన పత్తి వేరు క్లోజప్, రైతు బైట్, తహసీల్దారు మరాఠీ బైట్. మొదటి వాక్యం రాశానన్నా: 'ఎటు చూసినా నీళ్లే, చేలన్నీ చెరువుల్లా మారాయి.'

పాత డెస్క్: అది కెమెరా చెప్పేసింది. వైడ్ షాట్ ఆరు సెకన్లనుకో. రెండు సెకన్లు నీటి చప్పుడు విననివ్వు, తర్వాత 'ఈ నీళ్ల కింద రెండు నెలల పత్తి ఉంది'. సెకనుకు రెండు మాటలు దాటితే చదివేవాడు పరుగెత్తాలి. నడక మీద 'కౌలు చేను, పెట్టుబడి అప్పు'. వేరు మీద అప్పు సంగతి ఎత్తకు. అక్కడ 'నీళ్లు తీసినా ఈ మొక్క లేవదు' అను. లీడ్ ఇలా రాస్తా: 'ప్రాణహితలో వరద తగ్గింది. సిరోంచ చేలలో మాత్రం నీళ్లు కదలడం లేదు. పరిహారం తమకా, భూమి యజమానికా అని కౌలు రైతులు అడుగుతున్నారు.' పన్నెండు సెకన్లలో అయిపోతుంది. వాయిస్ ఓవర్‌లో మళ్లీ వరద తగ్గిందని మొదలెట్టావో, చూసేవాడు ఛానల్ మారుస్తాడు.

బరంపురం వాసి: మాకు ఒడియా బైట్లతో ఇదే గోల. డెస్క్ తెలుగు డబ్బింగ్ వేసేస్తుంది, మనిషి గొంతే పోతుంది.

పాత డెస్క్: అడిగింది అది కాదుగానీ, ఏడుస్తున్న రైతుకైతే కింద అక్షరాలే వేయాలి. అధికారికి డబ్బింగ్ వేసినా పర్లేదు.

కట్ పాయింట్: ఎనిమిది గంటల బులెటిన్‌కు ఏడున్నరకు షాట్లు వస్తే ఇవన్నీ కుదురుతాయా గురువుగారూ?

పాత డెస్క్: కుదరవు. అప్పుడు ప్యాకేజీ మానేసి, యాంకర్ చదువుతుండగా మూడు షాట్లు వేస్తాం.

ప్రాణహిత ఒడ్డు: ఒక చిక్కన్నా. పరిహారం ఎవరికన్నది తహసీల్దారు బైట్‌లో లేదు.

పాత డెస్క్: అయితే ఆ ప్రశ్న లీడ్‌లోంచి తీసెయ్. లోపల జవాబు లేనిది పైన అడగకూడదు.

కట్ పాయింట్: ఒప్పుకోను. జవాబు రాకపోవడమే వార్త. 'అడిగినా చెప్పలేదు' అని వాయిస్ ఓవర్‌లో ఒక ముక్క వేయొచ్చు.

ప్రాణహిత ఒడ్డు: నేనసలు అడగలేదు. ఆఫీసు మూసేలోపు వెళ్తున్నా.