ఒక్క సెరీన్‌ను అలనిన్ చేస్తే సరిపోతదా?

నల్లగొండ పిల్లగాడు: ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఆంపిసిలిన్ లాంటి మందులను విరగ్గొట్టే టెమ్-1 బీటా లాక్టమేజ్‌ల 70వ సెరీన్‌ను అలనిన్ చేస్త. నైట్రోసెఫిన్ పసుపు నుంచి ఎర్రగ మారకపోతే, పని చేసేది ఆ సెరీనే అని రాయొచ్చా? సార్ చాలంటున్నడు, సీనియర్ అక్క చాలదంటున్నది.

పాలమూరు మైక్రో: ఇంత లొల్లెందుకు? ఆంపిసిలిన్ ప్లేటు మీద గీయి. మొలవకపోతే అయిపాయె.

పాత పిపెట్: మొలవకపోతే సెరీన్ పోయినట్టే కావాల్నని లేదు. ప్రోటీన్ మడత చెడినా, అసలు తయారు కాకున్నా మొలవదు. జెల్ మీద మామూలు ఎంజైమ్ పక్కన అంతే పట్టీ కనిపించాలె, కరిగే ఉష్ణోగ్రత కూడా దగ్గర్లో ఉండాలె. ఇంకోటి, తమ్ముడూ, వెక్టర్ ఏది? ఆంపిసిలిన్ వెక్టరైతే దాంట్లనే ఈ ఎంజైమ్ కూసుంటది. కెనమైసిన్‌ది, పెట్-28ఎ లాంటిది తీస్కో.

పాలమూరు మైక్రో: అరె, వెక్టర్ సంగతి నాకు తట్టలే.

కోదాడ అక్క: మాకైతే ఆరు కాలనీలు సీక్వెన్సింగ్‌కు పంపితే నాలుగు పాత ప్లాస్మిడ్లే. పాత ప్లాస్మిడ్‌ను కోసే డీపీఎన్-1 గంటసేపు పెట్టినం, అయినా మిగిలినయ్.

పాత పిపెట్: పాలిమరేజ్ వెయ్యని గొట్టం ఒకటి పెట్టి, దాన్ని కూడా డీపీఎన్-1తో కోసి ట్రాన్స్‌ఫామ్ చెయ్యుండ్రి. కాలనీలు వస్తే పాతది తెగలేదని అక్కడనే తెలుస్తది. ప్లాస్మిడ్ డీహెచ్5ఆల్ఫా లాంటి మిథైల్ పెట్టే స్ట్రెయిన్ నుంచి తీసిందే కావాలె, లేకుంటే డీపీఎన్-1 దాన్ని ముట్టదు. జీన్ మొత్తం చదివించు, పాలిమరేజ్ వేరే చోట కూడా తప్పు రాయొచ్చు.

నల్లగొండ పిల్లగాడు: మరి అలనిన్‌ది కొంచెం ఎర్రబడితే?

పాత పిపెట్: అసలు పంచాయితీ అక్కడనే. 0.2 శాతం పని కనిపించిందనుకో. 500 అణువులల్ల ఒక్కటి మామూలు ఎంజైమ్ కలిసినా అంతే వస్తది. రెండిటికీ ఒకే కాలమ్ వాడితే అది చాలు. మామూలు ఎంజైమ్‌ను ఆపే క్లావులనేట్ వేసి చూడు. అది అతుక్కునేది ఆ 70వ సెరీన్‌కే గదా! వేసినంక రంగు ఆగితే మామూలుదే కలిసింది. ఆగకపోతే, ఖాళీ వెక్టర్ కణాల నుంచి అదే తీరుగ తీసిన సరుకు చూడు. అండ్ల గూడ రంగొస్తే ఈ. కోలై సొంత బీటా లాక్టమేజ్ ఆంప్-సీ. క్లావులనేట్ దాన్ని పెద్దగ అడ్డుకోదు.

కోదాడ అక్క: సిస్టీన్‌గా కూడా మార్చమను. పని మొత్తం పోకుంటే మడత బాగున్నట్టే గదా.

పాత పిపెట్: 1982లనే చేసిండ్రు. పెన్సిలిన్ మీద పని బాగా పడిపోయింది, నైట్రోసెఫిన్ మీద పడలే. రంగొక్కటే చూస్తే సెరీన్ అక్కర్లేదని రాసేస్తవ్. నేనైతే అలనిన్‌ను తిరిగి సెరీన్ చేసి పని మళ్ల వస్తదా చూస్త.

కోదాడ అక్క: పెన్సిలిన్ మీద కూడా చూస్తడు, ఏం పోయింది? సిస్టీన్ వద్దనుడు నేనొప్పుకోను.

నల్లగొండ పిల్లగాడు: అక్కా, రెండో ప్రైమర్ల జతకు పైసల్ లెవ్వు. ఖాళీ వెక్టర్, వేరే కాలమ్ మాత్రం పెడుతున్న. క్లావులనేట్ దొరికేదాక ఆగుత.