సీజీఎల్ చదువుతూ సాయంత్రం ట్యూషన్: రెండిళ్లకు తిరగాలా, ఒకేచోట బ్యాచ్ పెట్టాలా?

ద్వారకానగర్ రూమ్:
ఎస్సెస్సీ సీజీఎల్‌కి చదువుతున్నాను. సాయంత్రం రెండు గంటలే ఖాళీ. మెస్ ఖర్చుకు నెలకు 4,000 వస్తే చాలు. సీతమ్మధారలో ఎనిమిదో తరగతి బాబు, అక్కయ్యపాలెంలో పదో తరగతి పాప ఉన్నారు. ఇద్దరికీ లెక్కలే. రోజుకు చెరో గంట చెప్తే ఇంటికి 2,000 ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

లెక్కల బడి:
ముందు గడియారం లెక్క చూడండి. చెప్పేది రెండు గంటలు. మీ రూమ్ నుంచి సీతమ్మధార, అక్కడి నుంచి అక్కయ్యపాలెం, తిరిగి రూమ్‌కి రావడానికి సాయంత్రం ట్రాఫిక్‌లో గంట వేసుకోండి. రెండు వేర్వేరు తరగతులు కాబట్టి రేపటి పాఠం చూసుకోవడానికి అరగంట. అంటే రోజుకు మూడున్నర గంటలు. నెలకు 22 రోజులైతే 77 గంటలు, గంటకు 52 రూపాయలు పడుతుంది. పైగా మిగతా గంటన్నర మీ చదువులోంచే పోతుంది.

బదులుగా నడిచి వెళ్లగలిగే అపార్ట్‌మెంట్ ఒకటి చూసుకుని, ఒకే తరగతి పిల్లలు నలుగురిని కూర్చోబెట్టండి. తలకు 1,000. గంటంబావు పాఠం, రానుపోను అరగంట, పాఠం చూసుకోవడానికి పావుగంట. సరిగ్గా రెండు గంటలు. అదే 4,000కి నెలకు 44 గంటలు, అంటే గంటకు 91 రూపాయలు.

నలుగురూ ఒకేసారి దొరకరు. ఒక ఇంట్లో మూడు రోజులు ఊరికే చెప్పి చూపించండి. నచ్చితే ఆ తల్లే పక్క ఫ్లాట్ వాళ్లతో చెప్తుంది. వాచ్‌మెన్‌కి కూడా చెప్పి ఉంచండి, ఏ ఇంట్లో ఏ తరగతి పిల్లలున్నారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

బ్యాంక్ పీవో:
ట్యూషన్ చెప్తే మన ఆప్టిట్యూడ్ కూడా అయిపోతుంది బ్రో. వేరే ప్రాక్టీసు అక్కర్లేదు.

లెక్కల బడి:
అందులో సగమే నిజం. ఎనిమిదిలో శాతాలు, లాభనష్టాలు, చక్రవడ్డీ, పదిలో త్రికోణమితి, క్షేత్రమితి సీజీఎల్‌కి పనికొస్తాయి, పునాది గట్టిపడుతుంది. కానీ బడిలో ప్రతి మెట్టూ రాయించాలి. టియర్ 1లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలే. రోజూ మెట్లు రాయిస్తే చెయ్యి ఆ వేగానికే అలవాటు పడుతుంది. ఆ రోజు చెప్పిన పాఠంలోంచే రాత్రి పది లెక్కలు టైమర్ పెట్టి చేయండి. పది నిమిషాలు దాటితే వేగం తగ్గుతున్నట్టే.

గాజువాక:
నేను గ్రూప్ 2కి ఇంట్లోనే చదువుతున్నాను. బయటికి పంపరు. ఫోన్‌లో డేటా ఎంట్రీ పని చూశాను, ముందు 1,500 రిజిస్ట్రేషన్ కట్టమంటున్నారు. కట్టనా?

కంచరపాలెం:
కట్టకండి అక్కా. పనిచ్చేవాడు మన దగ్గర డబ్బు తీసుకోడు. ఇలాంటి వాళ్లు కట్టాక ఫైళ్లు ఇచ్చి, తప్పులున్నాయని, అగ్రిమెంట్ ప్రకారం జరిమానా కట్టకపోతే లీగల్ నోటీసని బెదిరిస్తారు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

లెక్కల బడి:
మీరు ఇంట్లోనే బ్యాచ్ పెట్టండమ్మా, రానుపోను టైమ్ కూడా మిగులుతుంది. గ్రూప్ 2 కాబట్టి సోషల్ చెప్పండి. ప్రిలిమ్స్ 150 మార్కుల్లో చరిత్ర, భూగోళం చెరో 30.

ద్వారకానగర్ రూమ్:
అర్థమైంది సార్. బ్యాచ్ మొదలయ్యాక ఎక్కడ దెబ్బతింటుంది?

లెక్కల బడి:
ఎక్కువగా రెండుచోట్ల. "వీడి తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టుకోండి, ఆరో తరగతేగా" అంటారు. మొహమాటపడి ఒప్పుకుంటే పాఠం రెండు ముక్కలవుతుంది, గంటంబావు కాస్తా రెండు గంటలవుతుంది. వేరే తరగతి తీసుకోనని మొదటి రోజే చెప్పండి. రెండోది ఫీజు. నెలాఖరుకి అంటే పండగలకు, సెలవులకు కోత పెడతారు. 5వ తేదీలోపు ముందుగానే తీసుకోండి. ఆదివారం మాక్ టెస్ట్‌కి వదిలేయాలి, మీ పరీక్షకు ముందు పది రోజులు రానని కూడా అప్పుడే చెప్పేయండి. వారానికోసారి రూమ్ నుంచి బయల్దేరిన టైమ్, తిరిగొచ్చిన టైమ్ రాసుకుంటే ఎంత జారుతోందో తెలుస్తుంది.

కంచరపాలెం:
పదో తరగతికైతే ఫీజు ఎక్కువ అడగొచ్చు కదా సార్?

లెక్కల బడి:
అడగొచ్చు. కానీ సంక్రాంతి దాటితే రోజూ రమ్మంటారు, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. నేనైతే ఎనిమిది, తొమ్మిదే తీసుకోమంటాను.

బ్యాంక్ పీవో:
దీనికి ఒప్పుకోను. ఆ మూడు నెలల ఫీజుతోనే వేసవి గడుస్తుంది, అప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్కరూ రారు. ఇద్దరు ఆస్పిరెంట్లు కలిసి ఒకే పదో తరగతి బ్యాచ్‌ని రోజు విడిచి రోజు చూసుకోవచ్చు.

లెక్కల బడి:
వేసవి మాట నిజమే, ఆ రెండు నెలలకు డబ్బు ముందే దాచుకోవాలి. ఇద్దరు పంచుకోవడం మాత్రం తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే. ఇక్కడ ఎవరైనా అలా నడుపుతుంటే ఫీజు ఎలా పంచుకుంటున్నారో రాయండి.