అప్‌డేట్: రివర్ట్ బ్యాక్, డూ ద నీడ్‌ఫుల్ బదులు ఇప్పుడు ఏం రాస్తున్నానంటే

నా ప్రశ్న: "అమెరికా టీమ్‌కి రాసే మెయిల్స్‌లో రివర్ట్ బ్యాక్, డూ ద నీడ్‌ఫుల్ వాడొద్దని మేనేజర్ అన్నారు. వాటి బదులు ఏం రాయాలి?"

సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్. ముందు మార్చింది రివర్ట్‌నే. సాఫ్ట్‌వేర్ పనిలో ఆ మాటకు, చేసిన మార్పును వెనక్కి తీసేయడం అని అర్థం. `git revert` చేసే పని కూడా అదే. "ప్లీజ్ రివర్ట్ బ్యాక్ ఆన్ దిస్ చేంజ్" అంటే మనం అడిగేది జవాబు, కానీ అవతలివాళ్లు మార్పు తీసేయమన్నామని అనుకోవచ్చు. అందుకే ఇప్పుడు "కుడ్ యూ లెట్ మీ నో బై థర్స్‌డే ఇఫ్ దిస్ చేంజ్ లుక్స్ ఓకే?" అని రాస్తున్నాను.

డూ ద నీడ్‌ఫుల్ సంగతి వేరు. అది పాత బ్రిటిష్ ఆఫీసు ఇంగ్లీషు, తప్పేమీ కాదు. చిక్కేమిటంటే, చేయాల్సిన పని ఏదో అది చెప్పదు. దాని చోట "టేక్ నెసెసరీ యాక్షన్" పెట్టినా అదే లోపం. పని పేరే రాయాలి. టెస్ట్ డేటాబేస్ యాక్సెస్ కోసం మొన్న రాసింది ఇది: "కుడ్ యూ ప్లీజ్ గివ్ మీ రీడ్ యాక్సెస్ టు ద టెస్ట్ డేటాబేస్? ఐ నీడ్ ఇట్ బై ట్యూస్‌డే టు చెక్ ద రిపోర్ట్." ఎవరికి, ఏది, ఎప్పటికి, ఎందుకు అన్నీ అందులోనే ఉన్నాయి. ఎదురు ప్రశ్న లేకుండా యాక్సెస్ వచ్చింది.

హైదరాబాద్ టీమ్‌లో ఎవరైనా రివర్ట్ అని రాస్తే మాత్రం నేను దిద్దడం లేదు. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. కోడ్ మార్పుల మెయిల్ అయితేనే రిప్లై అని రాయమంటున్నాను.